ఆఫర్ లెటర్ అందింది, జవాబే లేదు

సోమవారం మధ్యాహ్నం ఆఫర్ లెటర్ పంపాం. శుక్రవారం సాయంత్రంలోగా సంతకం చేసి పంపాలన్నది గడువు. ఇంటర్వ్యూల రోజుల్లో మొదటి రింగుకే ఫోన్ ఎత్తిన కుర్రాడు బుధవారానికి ఎత్తడం మానేశాడు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో టీమ్ కోసం మనుషుల్ని తీసుకునే నాలాంటి వాళ్లకు ఇది తరచూ ఎదురయ్యేదే.

మౌనానికి కారణాలు చాలా ఉంటాయి. మెయిల్ స్పామ్‌లో పడి ఉండొచ్చు. ఇంకో కంపెనీ ఆఫర్ కోసం ఆగి ఉండొచ్చు. పాత కంపెనీ జీతం పెంచుతామని ఆపుతుండొచ్చు. చాలాసార్లు మాత్రం నోరు తెరిచి అడగలేని ఒక సందేహం ఉంటుంది. అందుకే ‘ఇంకా సంతకం పెట్టలేదేం?’ అని హెచ్ఆర్ చేత రిమైండర్లు పంపిస్తే పని జరగదు. అతను ఎవరి దగ్గర పనిచేయాలో ఆ మేనేజరే పలకరించాలి.

బుధవారం సాయంత్రం వాట్సాప్‌లో ఇలా రాశాను: ‘ఆఫర్ మెయిల్ అందిందా? జీతం, చేరే తేదీ, ఆఫీసుకు రావలసిన రోజులు, ఏ విషయంలో సందేహం ఉన్నా నన్నే అడగండి. వద్దనుకుంటే ఆ మాటే చెప్పండి, ఏమీ అనుకోను. రేపు సాయంత్రం ఆరింటికి ఫోన్ చేయనా?’

రాత్రి పదింటికి జవాబు వచ్చింది. ‘సార్, ఏడాదికి 12 లక్షలంటే నెలకు లక్ష వస్తుందనుకున్నాను. ఇంట్లోనూ అలాగే చెప్పాను. లెటర్‌లో లెక్క వేరేగా ఉంది. ఇప్పుడు అడిగితే బాగుండదేమోనని...’

మర్నాడు ఫోన్‌లో లెక్క విప్పి చెప్పాను. 12 లక్షల్లో 1 లక్షా 20 వేలు వేరియబుల్ పే. పనితీరును బట్టి ఏడాది చివర్లో ఇచ్చేది. మిగిలింది నెలకు 90 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా అందులోనివే. ఆపైన అతని వాటా పీఎఫ్, వృత్తి పన్ను పోతాయి. జీతం పెంచే వీలు నాకు లేదు, ఆ మాటా దాచలేదు. నెలనెలా చేతికి ఎంత వస్తుందో హెచ్ఆర్ చేత రాయించి పంపాను. శుక్రవారం మధ్యాహ్నం సంతకం చేసిన లెటర్ వచ్చింది.

రాకపోయి ఉంటే? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, గడువు పెట్టిన ప్రతిపాదన ఆ గడువులోగా అంగీకారం అందకపోతే చెల్లదు. అయినా ఆఫర్ ముగిసిందని ఒక మెయిల్ రాయడం మర్యాద. అప్పటిదాకా జాబితాలో రెండో పేరున్న వ్యక్తికి ‘లేదు’ అని చెప్పకూడదు.

సంతకంతోనూ పని అయిపోదు. నోటీస్ పీరియడ్ రెండు మూడు నెలలు ఉంటుంది. మనసు మారడానికి అది చాలు. రాజీనామాను పాత కంపెనీ ఆమోదించిన మెయిల్ అడగాలి, రెండు వారాలకోసారి మాట్లాడుతుండాలి.

ఆఫర్ చేతిలో ఉన్నవారికి ఒక మనవి. వద్దనుకుంటే ఒక్క వాక్యం రాయండి. ఆ జవాబు కోసం మేనేజరొక్కడే కాదు, మీ తర్వాతి పేరున్న మనిషి కూడా ఎదురుచూస్తుంటాడు.