నలభై రెండు మార్కులు ఎక్కడ పోయాయి?

పదో తరగతి అమ్మాయి. హాఫ్ ఇయర్లీలో లెక్కలకు నూటికి 58 వచ్చాయి. మిగతా సబ్జెక్టులన్నీ ఎనభై దాటాయి. సాయంత్రం ట్యూషన్‌కి వచ్చి, దిద్దిన పేపరు బల్ల మీద పెట్టి, "నాకు లెక్కలు రావు మాస్టారూ. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటాను" అంది. ఇంట్లో అప్పటికే తీర్పు చెప్పేశారు: అన్నీ సిల్లీ మిస్టేకులే, ఇంకాస్త జాగ్రత్తగా చెయ్యాలి. బళ్లో సారు శ్రేఢులు, వర్గ సమీకరణాలు, నిరూపక జ్యామితి మళ్లీ మొదటినుంచి చదవమన్నారు.

మాస్టారు ఈ రెండూ పక్కన పెట్టారు. పేపరు తీసుకుని ముందుగా తప్పుల్ని మూడు కుప్పలు చేశారు. అసలు ముట్టుకోకుండా వదిలేసినవి 12 మార్కులు. జ్యామితి సిద్ధాంతాల నిరూపణలు సగంలో ఆగిపోయి పోయినవి 13. మిగిలిన 17 మార్కుల లెక్కలన్నీ చివరిదాకా చేసినవే. సూత్రం సరిగ్గా రాసింది, జవాబు మాత్రం తప్పొచ్చింది. మాస్టారి చూపు ఈ మూడో కుప్ప దగ్గర ఆగింది.

అందులో ఒక లెక్క ఇది. 10, 7, 4, ... అనే అంకశ్రేఢిలో 30వ పదం ఎంత? అమ్మాయి సూత్రం సరిగ్గానే రాసింది: a + (n − 1)d. ఆ కింది వరుసలో 10 + 29 − 3 = 36 అని రాసింది. అసలు జవాబు 10 + 29 × (−3), అంటే −77.

సూత్రం రాకపోతే ఇలా జరగదు. అదే పేపర్లో 2, 7, 12, ... శ్రేఢిలో 10వ పదం అడిగితే 2 + 9 × 5 = 47 అని తడుముకోకుండా చేసింది. రెండూ ఒకే పాఠంలోవి, ఒకే సూత్రంతో చేసేవి. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. తేడా ఒక్కటే, రెండోదాంట్లో d ధన సంఖ్య, మొదటిదాంట్లో రుణ సంఖ్య.

"ఈ లెక్క మళ్లీ చెయ్యమ్మా. చేస్తూ పైకి చెప్పు" అన్నారు మాస్టారు.

"ఎ ప్లస్ ఎన్ మైనస్ వన్ ఇంటూ డి. పది ప్లస్ ఇరవై తొమ్మిది ఇంటూ మైనస్ మూడు" అంటూనే ఆ అమ్మాయి కాగితం మీద 10 + 29 − 3 అని రాసింది. నోరు 'ఇంటూ' అంది, చెయ్యి ఆ గుర్తు వెయ్యలేదు.

దీనికో కారణం ఉంది. సూత్రంలో (n − 1) పక్కనే d ఉంటుంది, మధ్యలో గుణకారం గుర్తు ఉండదు. d బదులు 5 పెట్టాల్సి వస్తే 9 పక్కన 5 రాస్తే 95 అయిపోతుంది కాబట్టి పిల్లలు తప్పకుండా × వేస్తారు. d బదులు −3 పెట్టినప్పుడు ఆ అవసరం కనబడదు. మైనస్సే మధ్యలో నిలబడి, రెండు అంకెల్నీ విడదీసినట్టు ఉంటుంది. దాంతో గుణకారం కాస్తా తీసివేత అయిపోతుంది.

ఇదొక్కచోటేనా అని మాస్టారు మిగతా లెక్కలు చూశారు. 2x² − 5x − 3 = 0 కి మూలాలు కనుక్కోమంటే, విచక్షణి b² − 4ac లో b² స్థానంలో −5² అని రాసి −25 వేసింది. దానికి 24 కలిపి −1 తెచ్చి, 'వాస్తవ మూలాలు లేవు' అని ముగించింది. నిజానికి (−5)² అంటే 25, విచక్షణి 49, మూలాలు 3, −1/2. నిరూపక జ్యామితిలో (3, −2), (−1, 1) బిందువుల మధ్య దూరానికి 1 − (−2) రాయాల్సిన చోట 1 − 2 అని రాసింది. రెండు మైనస్‌లు పక్కపక్కన పడేసరికి ఒకటి జారిపోయింది. 5 రావాల్సిన దూరం √17 అయింది.

మూడు పాఠాలు, మూడు రకాల జవాబులు, కానీ జబ్బు ఒకటే. సూత్రంలో అక్షరం ఒక్కటే గుర్తు. దాని స్థానంలోకి వచ్చే −5 లో మైనస్సూ అంకే కలిసి రెండు గుర్తులు. ఆ రెంటినీ బ్రాకెట్‌లో పెట్టి ఒకటిగా ఉంచకపోతే చుట్టూ ఉన్న గుర్తులు వాటిని విడగొట్టేస్తాయి. ఆ మూడు పాఠాలూ మళ్లీ చదివినా ఈ అలవాటు పోదు, ఎందుకంటే ఇది ఆ పాఠాల్లో లేదు.

పిల్లల తప్పుల్లో ఇలాంటి వరస ఉంటుందని అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. వాళ్లు చూసినవి చిన్న తరగతుల తీసివేతలు. 52లోంచి 37 తీసేస్తే 25 అని రాసే పిల్లవాడు ఏదో ఒక అంకె వేసెయ్యడం లేదు. ప్రతి వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీస్తున్నాడు. నియమం తప్పు, దాన్ని పాటించడం మాత్రం తప్పడం లేదు. అందుకే జాగ్రత్తగా చెయ్యమంటే అదే తప్పు మరింత జాగ్రత్తగా చేస్తాడు.

అయితే మూడు తప్పులు ఒకేలా కనబడగానే కారణం దొరికిందనుకుంటే పొరపాటు. మాస్టారు దాన్ని పరీక్షించారు. ఒకే సూత్రంతో జంట లెక్కలు రాసిచ్చారు, ఒకదానిలో అన్నీ ధన సంఖ్యలు, రెండోదాంట్లో ఒక రుణ సంఖ్య. రుణ సంఖ్య ఉన్నవే తప్పితే అనుమానం నిజం. రెండూ తప్పితే సూత్రం దగ్గరే లోపం. రెండూ ఒప్పైతే పరీక్ష హాల్లో తొందరో, భయమో వెతకాలి. ఆ అమ్మాయికి రుణ సంఖ్యలున్నవే తప్పాయి.

మందు చిన్నదే. సూత్రం రాశాక అంకెలు వెయ్యకుండా, అక్షరాలున్న చోటల్లా ఖాళీ బ్రాకెట్లు రాయమన్నారు:

( )² − 4( )( )

తర్వాతే అంకెలు నింపాలి. ధన సంఖ్యైనా సరే, బ్రాకెట్‌లోనే. "ఐదుకి కూడా ఎందుకు మాస్టారూ?" అంది. "మైనస్ ఉన్నప్పుడే వెయ్యాలంటే, అది ఉందని గుర్తుండాలి కదమ్మా. నువ్వు మర్చిపోయేదే అది."

రెండోది జవాబుని అనుమానించడం. 10, 7, 4 అని దిగుతున్న శ్రేఢిలో 30వ పదం 36 ఎలా అవుతుంది? a, c ల గుర్తులు వేరైతే −4ac ధనమే, b² ఎప్పుడూ రుణం కాదు, ఇక విచక్షణి −1 ఎలా వస్తుంది? లెక్క మళ్లీ చెయ్యకుండానే తప్పుందని తెలిసిపోతుంది.

తర్వాత ఇచ్చిన కలగలుపు లెక్కల్లో మాస్టారు జవాబుల కన్నా వరుసలే ఎక్కువ చూశారు. మొదటి పేజీలో బ్రాకెట్లు అన్నీ ఉన్నాయి. చివరి పేజీలో, టైము తరుముతున్నప్పుడు, రెండు చోట్ల మాయమయ్యాయి. ఒకచోట జవాబు అదృష్టవశాత్తూ ఒప్పే వచ్చినా దాన్నీ సున్నా చుట్టారు. అలవాటు ఇంకా కుదరలేదని చెప్పడానికి ఆ వరుసే సాక్ష్యం.

ఇదంతా 17 మార్కుల కథే. సిద్ధాంతాల దగ్గర పోయిన 13కి బ్రాకెట్లు పనికిరావు. అక్కడ దత్తాంశం, సారాంశం రాసి, పటం గీసి, నిర్మాణం దగ్గర ఆగిపోతోంది. వదిలేసిన 12 మార్కులు రావో, టైము చాలలేదో గడియారం పెట్టుకుని చూస్తే గానీ తెలీదు. ఒక్కో కుప్పదీ ఒక్కో కారణం. బైపీసీ సంగతి ఆ రెండూ తేలాక మాట్లాడదామన్నారు మాస్టారు.