బుక్ చేసిన రేటు ఒకటి, పడిన రేటు ఇంకొకటి

విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో రెండు రకాల రేట్లు వినిపిస్తాయి. బ్రాంచిలోనో యాప్‌లోనో కనిపించే కార్డ్ రేటు ఒక సూచన మాత్రమే. మార్కెట్ కదిలితే అదీ మారుతుంది. రెండోది బుక్ చేసిన రేటు. ఎన్ని డాలర్లు కావాలో ఖాతాదారు చెప్పి, రేటుకు ఒప్పుకున్నాక, బ్రాంచి ట్రెజరీ విభాగంతో మాట్లాడి దాన్ని ఖాయం చేస్తుంది. దానికొక డీల్ నంబరు పడుతుంది. గడువు తీరేదాకా మార్కెట్ ఎటు పోయినా ఆ రేటే వర్తించాలి. అందుకే లేఖలో "మీరు చెప్పిన రేటు" అని రాస్తే బ్యాంకు దాన్ని కార్డ్ రేటు కింద కొట్టిపారేయగలదు. "ఫలానా డీల్ నంబరుతో బుక్ అయిన రేటు" అని రాస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలోని ఒక తండ్రి అమెరికాలో చదువుతున్న కూతురి సెమిస్టర్ ఫీజుకు 18,000 డాలర్లు పంపాలి. సోమవారం ఉదయం 11:40కి డాలరుకు 84.35 చొప్పున రేటు బుక్ అయింది. డీల్ నంబరుతో మెయిల్ వచ్చింది. గడువు రెండు పనిదినాలు, అంటే బుధవారం దాకా. మంగళవారమే ఏ2 ఫారం, పాన్, ఫీజు ఇన్‌వాయిస్ బ్రాంచికి అందాయి, ఖాతాలో సరిపడా డబ్బూ ఉంది. బుధవారం డబ్బు వెళ్లింది, కాలేజీకి పూర్తి 18,000 డాలర్లు చేరాయి. కానీ డెబిట్ అడ్వైస్‌లో రేటు 85.10 అని ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే లేఖ సూటిగా వస్తుంది. చాలాసార్లు కారణం చిన్నదే: బ్రాంచి లావాదేవీని ఎక్కించేటప్పుడు డీల్ నంబరు జతచేయదు, సిస్టమ్ ఆ రోజు కార్డ్ రేటును తీసేసుకుంటుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. పడిన రేటు బుధవారం నాటి కార్డ్ రేటుతో పైసాతో సహా సరిపోతే, డీల్ జతపడలేదనే అనుమానం గట్టిపడుతుంది. అప్పుడు సోమవారం నాటి డీల్ వాడకుండా మిగిలిపోయి ఉండాలి, లేదా రద్దయి ఉండాలి. ఆ ప్రశ్నే లేఖకు గుండెకాయ. అయితే డబ్బు గడువులోగా ఖాతాలో లేకపోయినా, కాగితాలు ఆలస్యమైనా డీల్‌ను రద్దు చేసే హక్కు బ్యాంకుకు ఉండవచ్చు. కాబట్టి ఆ రెండూ సకాలంలో అందాయని రుజువు చూపడం ఖాతాదారు పని.

నష్టం లెక్క కూడా లేఖలోనే వేసి చూపాలి. తేడా డాలరుకు 75 పైసలు. 18,000 డాలర్లకు 13,500 రూపాయలు. దీనికి జీఎస్టీ తేడా కలుస్తుంది. 10 లక్షలు దాటిన మార్పిడికి 5,500 రూపాయలకు, 10 లక్షల పైమొత్తంలో 0.1 శాతం కలిపి, వచ్చినదాని మీద 18 శాతం పన్ను వేస్తారు. రూపాయల మొత్తం 15,18,300 నుంచి 15,31,800కు పెరిగింది కాబట్టి పన్ను 2 రూపాయల 43 పైసలు పెరిగింది. కొద్ది మొత్తమే అయినా దాన్నీ రాస్తే లెక్క సరిగ్గా వేశారని అవతలివారికి అర్థమవుతుంది. టీసీఎస్ మాత్రం వేరే సంగతి. అది పన్ను రిటర్నులో సర్దుబాటయ్యే సొమ్ము, నష్టంలో కలిపితే లెక్క చెడుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే రేటుతో పోల్చడమూ పొరపాటే. దాంట్లో బ్యాంకు మార్జిన్ ఉండదు. పోలిక ఎప్పుడూ బుక్ చేసిన రేటుతోనే ఉండాలి.

బ్రాంచి మేనేజరుకు రాసే లేఖలో అసలు భాగం ఇంతే:

"సోమవారం ఉదయం 11:40కి 18,000 డాలర్లకు 84.35 రేటు బుక్ అయింది. డీల్ నంబరు ఉన్న మెయిల్ జతపరిచాను. గడువులోగా ఖాతాలో డబ్బు, బ్రాంచిలో కాగితాలు ఉన్నాయి. స్టేట్‌మెంటు, రసీదు చూడగలరు. బుధవారం 85.10 చొప్పున డబ్బు తీసుకున్నారు. ఈ డీల్ వాడారా, రద్దు చేశారా, ఇంకా తెరిచే ఉందా? రద్దు చేసివుంటే ఏ తేదీన, ఎందుకు చేశారో, నాకు ఎలా తెలియజేశారో రాతపూర్వకంగా చెప్పగలరు. తేడా 13,502.43 రూపాయలు నా ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను."

రేటు ఫోన్‌లోనే ఖాయమై మెయిల్ రాకపోతే, ఆ కాల్ సమయం రాసి రికార్డింగును భద్రపరచమని మొదటి లేఖలోనే అడగాలి. రికార్డింగులను బ్యాంకులు ఎల్లకాలం ఉంచవు.

లేఖ ఇచ్చినప్పుడు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి, మెయిలైతే ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. 30 రోజుల లెక్క మొదలయ్యేది అక్కడినుంచే. అప్పటికీ జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకుకు ముందు రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే ఫిర్యాదు తిరస్కరణకు గురవుతుంది. ముద్ర పడిన నకలును డీల్ మెయిల్‌తో, డెబిట్ అడ్వైస్‌తో కలిపి అక్కడ జతచేయాలి.