ఎనిమిది శాతం అంటే ఇద్దరు పిల్లలు

ఫలితాలు వచ్చిన మర్నాడు బడి గేటుకు ఫ్లెక్సీ కడతారు. "పదో తరగతి గణితంలో ఉత్తీర్ణత 80 నుంచి 88 శాతానికి" అని పెద్ద అక్షరాలు, పక్కన రెండు రంగుల కమ్మీలు. నిరుటి కమ్మీ మోకాలెత్తు ఉంటే, ఈ ఏటిది నిలువెత్తు ఉంటుంది. ఆ బొమ్మే వార్షిక నివేదికలోకి ఎక్కుతుంది, తల్లిదండ్రుల సమావేశంలో గోడ మీదికీ ఎక్కుతుంది. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అయినా దాన్ని చూసి ఇంటికెళ్లిన తల్లికి బడి గురించి తెలిసింది తక్కువ, పొరబడింది ఎక్కువ.

ఎలాగో చూడడానికి ఒక చిన్న ఊరి ఉన్నత పాఠశాలను ఊహించుకుందాం. ఈ బడీ, దాని మార్కులూ ఉదాహరణ కోసం నేను అల్లినవి. పదో తరగతిలో నిరుడు 25 మంది, ఈ ఏడూ 25 మందే. వంద మార్కుల గణిత పరీక్షలో 35 వస్తే పాసు. నిరుడు 20 మంది పాసయ్యారు, ఈ ఏడు 22 మంది. అంటే 80 శాతం, 88 శాతం. ఫ్లెక్సీలో ఉన్న పెరుగుదల అంతా కలిపి ఇద్దరు పిల్లలు.

ముందు ఆ కమ్మీల సంగతి. కమ్మీ చిత్రంలో మన కన్ను పోల్చేది పొడవుల్ని. 80కి, 88కి ఉన్న తేడా చూస్తే రెండో కమ్మీ మొదటిదానికన్నా పదో వంతు మాత్రమే ఎక్కువ పొడవుండాలి. ఎక్సెల్‌లో ఈ రెండు అంకెలు వేసి చిత్రం గీయమంటే మాత్రం అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయని అది తనంతట తానే అడుగు గీతను సున్నా నుంచి పైకి జరుపుతుంది. ఆ గీత 76 దగ్గర మొదలైందనుకోండి, నిరుటి కమ్మీకి మిగిలే పొడవు 4, ఈ ఏటి కమ్మీకి 12. పదో వంతు తేడా మూడింతలుగా కనబడుతుంది. ఎవరూ మోసం చేయాలనుకోలేదు, యంత్రం గీసిందాన్ని అలాగే అచ్చేశారు, అంతే. దీన్ని సరిచేయడం అర నిమిషం పని. నిలువు గీత మీద కుడి నొక్కు నొక్కి, Format Axis తెరిచి, Minimum దగ్గర 0 వేయాలి. కమ్మీ పైన శాతంతో పాటు "25లో 22" అని తలల లెక్క కూడా రాయాలి. అప్పుడు రెండు కమ్మీలూ దాదాపు ఒకే ఎత్తులో నిలబడతాయి. చిత్రం చప్పగా ఉందని హెడ్మాస్టరుకు అనిపించవచ్చు. కానీ జరిగింది అంతే కాబట్టి చిత్రమూ అంతే చెప్పాలి.

తలల లెక్క రాయగానే మరో ప్రశ్న వస్తుంది. 25 ఎవరు? ఈ ఏడు ఒక అబ్బాయి పరీక్ష రాయలేదు. పేర్లు నమోదైన వారిలో లెక్కిస్తే 25లో 22, అంటే 88 శాతం. పరీక్ష రాసిన వారిలో లెక్కిస్తే 24లో 22, దాదాపు 92 శాతం. రెండూ సరైన లెక్కలే. ఒక ఏడాది ఒక పద్ధతి, మరో ఏడాది ఇంకో పద్ధతి వాడి పక్కపక్కన పెడితేనే తప్పు. ఇలాంటి తప్పు తరగతి సగటులోనూ దూరుతుంది. మార్కుల పట్టికలో రానివారి గడిలో ఏబీ అని ఉండాల్సిన చోట సున్నా కొడితే ఈ తరగతి సగటు 54.4 అవుతుంది. ఆ గడి ఖాళీగా వదిలితే 56.6. పాఠం చెప్పడంలో ఏ మార్పూ లేకుండానే రెండు మార్కులు ఇటూ అటూ అయ్యాయి.

ఇప్పుడు సగటును పక్కనబెట్టి పిల్లల్ని చూద్దాం. ఒక చార్టు మీద 0 నుంచి 100 వరకు అడ్డంగా గీత గీసి, ఒక్కో మార్కు దగ్గర ఒక్కో బొట్టుబిళ్ల అంటించండి. ఒకే మార్కు ఇద్దరికి వస్తే ఒకదాని మీద ఒకటి. పరీక్ష రాసిన 24 మందికి 24 చుక్కలు. మన బడిలో ఇద్దరు 28, 32 దగ్గర ఆగారు. పదిమంది 35 నుంచి 42 మధ్య గుంపుగా ఉన్నారు. మిగతా పన్నెండు మంది 68 నుంచి 91 మధ్య పరుచుకున్నారు. 42కీ 68కీ నడుమ ఒక్క చుక్క లేదు.

సగటు 56.6 అని చెప్పాం కదా, ఆ మార్కు దరిదాపుల్లో ఈ తరగతిలో ఎవరూ లేరు. సగటు బాగాలేకపోతే మధ్యగతం తీసుకోమంటారు గణితం మాస్టార్లు. మార్కులన్నీ వరసగా పేర్చి నడిమిది చూడడమే మధ్యగతం. ఇక్కడ పన్నెండో మార్కు 42, పదమూడోది 68, వాటి నడుమ 55. అదీ ఖాళీ జాగాలోనే పడింది. తరగతి రెండు ముక్కలైందన్న సంగతి శాతమూ చెప్పలేదు, సగటూ చెప్పలేదు, మధ్యగతమూ చెప్పలేదు. పావుగంటలో అంటించిన చుక్కలు చెప్పాయి. నిరుటి చార్టు కూడా అదే కొలతతో దాని కిందే పెట్టాలి. నిరుడు 45 నుంచి 65 మధ్య తొమ్మిది మంది ఉన్నారనుకోండి. అప్పుడు పాసయిన వారు ఇద్దరు పెరిగిన ఏడాదే నడిమి పిల్లలు కనబడకుండా పోయారని కంటికి తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. చుక్కల పక్కన పేర్లు రాయకూడదు. పాతికమంది ఉన్న తరగతిలో పేరు లేకపోయినా చివరి చుక్క ఎవరిదో ఊరు పోల్చుకోగలదు. అందుకే ఆ చార్టు ఉపాధ్యాయుల గదిలో ఉంచి, బయటికిచ్చే నివేదికలో "35 కన్నా తక్కువ ఇద్దరు, 35–49 పదిమంది, 50–67 ఎవరూ లేరు, 68 పైన పన్నెండు మంది" అని వరసలుగా ఇవ్వడం మేలు.

ఇక అసలు చిక్కు. ఇద్దరు పెరిగారు కాబట్టి బోధన మెరుగైందనవచ్చా? చుక్కల్ని 35 గీత దగ్గర గమనించండి. ఈ ఏడు 35 నుంచి 38 మధ్యే ఏడుగురున్నారు. నిరుడు తప్పినవారిలో ముగ్గురికి 33, 33, 34 వచ్చాయనుకుందాం. ఒక చిన్న ప్రశ్న తెలిసింది వస్తే ఇటు, రాకపోతే అటు. ఏమీ మారని బడిలో కూడా, సుమారు 84 శాతం పాసయ్యే 25 మంది తరగతిలో పాసయ్యేవారి సంఖ్య ఎక్కువ ఏళ్లలో 19 నుంచి 23 మధ్య ఊగుతూ ఉంటుంది. 20 కూడా ఆ ఊపులోనిదే, 22 కూడా ఆ ఊపులోనిదే. పైగా నిరుటి పిల్లలు వేరు, ఈ ఏటి పిల్లలు వేరు, ప్రశ్నపత్రమూ వేరు.

తరగతి ఎంత చిన్నదైతే ఈ ఊగిసలాట అంత పెద్దది. అమెరికాలో థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఆర్థికవేత్తలు నార్త్ కరోలినా బడుల మార్కులను పరిశీలించి ఇదే చూపించారు. చిన్న బడులు జాబితాలో పై కొసనా కనబడ్డాయి, కింది కొసనా కనబడ్డాయి. అక్కడ బోధన మరీ గొప్పదో మరీ నాసిదో కావడం వల్ల కాదు. పిల్లలు కొద్దిమందే ఉంటే ఒకరిద్దరి మార్కులే బడి అంకెను లాగేస్తాయి. మన మండల స్థాయి ర్యాంకుల పట్టిక చదివేటప్పుడూ ఈ మాట గుర్తుండాలి. అందుకే రెండేళ్లు చాలవు. అయిదేళ్ల తలల లెక్క వరసగా పెట్టి, 21, 19, 22, 20, 22 అని ఉంటే అది పెరుగుదల కాదు, ఊపు. 15, 17, 19, 20, 22 అని ఉంటే అప్పుడు ఆగి కారణం వెతకవచ్చు.

నివేదికల్లో మరో మాట తరచూ కనబడుతుంది: "సాయంత్రపు ప్రత్యేక తరగతుల వల్ల వెనకబడిన విద్యార్థులు 9 మార్కులు మెరుగుపడ్డారు." మన బడిలోనే చూద్దాం. అర్ధ సంవత్సర పరీక్షలో అట్టడుగున ఉన్న ఎనిమిది మందిని ప్రత్యేక తరగతిలో కూర్చోబెట్టారు. వారి సగటు 27. ప్రీ ఫైనల్‌లో అది 36 అయింది. నిజంగానే 9 పెరిగింది. కానీ అడుగున ఉన్నవారిని ఏరినప్పుడు, ఆ రోజు జ్వరంతో రాసినవాళ్లూ, చదవని పాఠాలే ప్రశ్నలుగా వచ్చినవాళ్లూ అందులో చేరతారు. తర్వాతి పరీక్షకు ఆ దురదృష్టం తప్పుకుంటుంది, మార్కు తనంతట తానే కొంత లేస్తుంది. పొడుగాటి తల్లిదండ్రుల పిల్లలు సగటు ఎత్తు వైపు జరుగుతారని 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ గమనించింది కూడా ఇలాంటి సంగతే.

ఈ మాట నిజమో కాదో బడిలోనే తేల్చుకునే దారి ఉంది. ప్రత్యేక తరగతికి రాని, వారికి కాస్త పైన ఉన్న ఎనిమిది మందిని చూడండి. వారి సగటు 40 నుంచి 45కి వెళ్లింది. ప్రత్యేక తరగతి లేకుండానే 5 వచ్చిందంటే, 9లో తరగతి ఖాతాలో రాయగలిగింది మహా అయితే 4. మరీ అడుగున ఉన్నవారు ఇంకాస్త ఎక్కువగా లేస్తారు కాబట్టి ఆ 4 కూడా పూర్తిగా దానిది కాకపోవచ్చు. ప్రత్యేక తరగతి పనికిరాదని దీని అర్థం కాదు. తొమ్మిది మార్కుల ఘనత దానికి కట్టబెట్టడానికి ఆధారం చాలదని మాత్రమే.

మరి నివేదిక ఏమీ చెప్పకూడదా? చెప్పాలి, ఆధారం ఉన్న చోట గట్టిగా చెప్పాలి. ఆ ఖాళీ జాగా దగ్గరికే తిరిగి వెళదాం. 35–42 మధ్య ఉన్న పదిమందిలో ఎవరెవరు ఏ ప్రశ్న వదిలేశారో తెలియాలంటే, బడిలోనే దిద్దిన ప్రీ ఫైనల్ జవాబు పత్రాలు తీసి, అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా పిల్లలతో ఒక పట్టిక గీస్తే చాలు. రాసి తప్పిన చోట ఒక గుర్తు, అసలు ముట్టని చోట ఇంకో గుర్తు. ఎనిమిది మంది వ్యాసరూప ప్రశ్నల్ని ముట్టనేలేదని తేలిందనుకోండి. వర్గ సమీకరణాల్లో సమీకరణం ఇస్తే సాధిస్తున్నారు, అదే లెక్కను మాటల్లో ఇస్తే వదిలేస్తున్నారు. ఇది ఊపు కాదు. ఒకే చోట ఎనిమిది మంది ఆగిపోయారు. రేపు తరగతిలో ఏం చేయాలో ఇది చెబుతుంది, 88 శాతం చెప్పదు.

అప్పుడు నివేదికలో ఆ పేజీ ఇలా ఉంటుంది: "గణితంలో నమోదైన 25 మందిలో 22 మంది ఉత్తీర్ణులయ్యారు, నిరుడు 25లో 20. ఒకరు పరీక్ష రాయలేదు. ఇంత చిన్న తరగతిలో ఇద్దరి తేడా ఏటేటా సహజంగా రాగలదు కాబట్టి దీన్ని బోధనలో వచ్చిన మార్పుగా మేము చెప్పడం లేదు. పాసయినవారిలో పదిమంది 42 లోపే ఉన్నారు, 43 నుంచి 67 వరకు ఎవరూ లేరు. ప్రీ ఫైనల్ పత్రాల్లో ఈ పదిమందిలో ఎనిమిది మంది మాటల లెక్కలు ప్రయత్నించలేదు. వచ్చే ఏడు తొమ్మిదో తరగతి నుంచే వారానికి రెండు పీరియడ్లు వీటికి కేటాయించి, అర్ధ సంవత్సర పరీక్షలో ఎంతమంది ప్రయత్నించారో ఇదే పట్టికలో చూపిస్తాం."

ఈ పేజీని ఫ్లెక్సీ మీద వేయలేం. సమావేశానికి వచ్చిన తల్లి మాత్రం దీన్ని చదివి, "మా వాడు మాటల లెక్కలు చేస్తున్నాడా మాస్టారూ?" అని అడగగలదు. మాస్టారు పట్టిక తెరిచి జవాబు చెప్పగలడు.