ఐదు పొడులకు ఒకే పౌచ్

సూపర్‌మార్కెట్లో పొడుల అర ముందు నిలబడినవాళ్లు ఒక్కో ప్యాకెట్‌నూ తీసి చదవరు. చూపు అలా జారుకుంటూ పోతుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఎండుమిర్చి బొమ్మ, ఆవిర్లు కక్కే అన్నం బొమ్మ. అన్ని బ్రాండ్లదీ దాదాపు ఒకే వేషం. పెద్ద కంపెనీ పేరు టీవీలో ముందే విని ఉంటారు కాబట్టి ఆ వరుసలో దాన్ని వెతుక్కుంటారు. పదిమంది ఆడవాళ్లు కలిసి కందిపొడి, కరివేపాకు పొడి చేసి అమ్ముకునే చిన్న బ్రాండ్‌కు ఆ సౌకర్యం లేదు. దానికున్న ప్రకటనల్లా ఆ ప్యాకెట్టే. అందుకే చాలామంది మొదట్లోనే అప్పు చేసి మరీ ఒక్కో రకానికి ఒక్కో రంగురంగుల పౌచ్ అచ్చు వేయిస్తారు. నా దృష్టిలో అది తప్పు దారి. చిన్న బ్రాండ్ అన్ని రకాలకూ ఒకే ముఖం ఉన్న పౌచ్ వేయించుకుని, ఏ పొడి అన్నది లేబుల్‌తో చెప్పుకుంటేనే అరలో గుర్తుండిపోతుంది, డబ్బూ మిగులుతుంది.

ముందు చూపు సంగతి. కొనేవాళ్లకూ అరకూ మధ్య నాలుగైదు అడుగుల దూరం ఉంటుంది. బోర్డులు రాసేవాళ్ల లెక్కలో పది అడుగుల నుంచి తేలిగ్గా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తుండాలి. అంటే పౌచ్ మీద పేరుకు అర అంగుళమైనా కావాలి. తెలుగులో దీనికి మరింత చోటు పడుతుంది. గుడి పైకి లేస్తుంది, వత్తు కిందికి దిగుతుంది. అర అంగుళం అన్నది అసలు అక్షరానికే గాని, గుడినీ వత్తునూ కలుపుకుని కాదు. ముదురు రంగు మీద తెల్లక్షరాలు వేస్తే సిరా పాకి సన్నని వత్తులు పూడిపోతాయి, లావు అక్షరాల్లో కడుపులు మూసుకుపోతాయి. ఇక పేరు ఎక్కడ ఉండాలన్నది. కిరాణా కొట్లో ప్యాకెట్లు దండలా వేలాడుతూ ఒకదాని కింద ఒకటి దాగుతాయి, సూపర్‌మార్కెట్లో ధర చీటీ పట్టీ అడుగుభాగాన్ని కప్పేస్తుంది. రెండు చోట్లా నికరంగా కనిపించేది పై మూడో వంతే. బ్రాండ్ పేరు, పొడి పేరు అక్కడికి చేరాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు అరతో పనిలేదు కదా అంటారు. ఫోన్ తెరమీద బొటనవేలి గోరంత కనిపించే బొమ్మ అరకన్నా కఠినమైన పరీక్ష.

ఇంతకన్నా ముఖ్యమైనది గుర్తుపట్టడం. 2009 జనవరిలో అమెరికాలో ట్రాపికానా నారింజరసం డబ్బా రూపు మార్చారు. స్ట్రా గుచ్చిన నారింజ బొమ్మ తీసేశారు. లోపలి రసం అదే. అయినా రెండు నెలల్లోపే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి, కంపెనీ పాత డబ్బాకే తిరిగి వెళ్లింది. అంత పేరున్న బ్రాండ్‌నే అలవాటు పడ్డ కళ్లు పోల్చుకోలేకపోయాయి. అలాంటప్పుడు ఐదు పొడులను ఐదు రంగుల్లో దింపే చిన్న బ్రాండ్, అరలో ఐదుగురు అపరిచితుల్లా నిలబడుతుంది. ఒకే పౌచ్‌లో అయితే ఐదూ కలిసి ఒక పట్టీలా కనిపిస్తాయి, కందిపొడి నచ్చినవాళ్ల చెయ్యి పక్కనున్న నువ్వుల పొడి మీదికి పోతుంది.

ఇప్పుడు డబ్బు. రేట్లు ఊరికీ నెలకూ మారుతుంటాయి కాబట్టి కింది అంకెలు లెక్క తీరు కోసం అనుకున్నవి. 100 గ్రాముల ప్యాకెట్ ఎమ్మార్పీ 80 రూపాయలు. కొట్టు, డిస్ట్రిబ్యూటర్, పన్ను పోను 50 చేతికొస్తాయనుకుందాం. సరుకు, వేయింపు, కూలీ కలిపి 30. మిగిలిన 20లోంచే ప్యాకింగ్, కరెంటు, అద్దె, లాభం రావాలి. గ్రావ్యూర్ పద్ధతిలో రంగుకొక సిలిండర్ చెక్కాలి. ఆరు రంగులకు, ఒక్కోటి 4,000 చొప్పున 24,000. ప్రెస్ వాళ్లు 20,000 పౌచ్‌లకు తక్కువ చెయ్యమంటే, ఒక్కోటి మూడున్నర రూపాయల వంతున 70,000. వెరసి 94,000, పౌచ్ ఒక్కింటికి 4.70. సాదా పౌచ్‌కు 3 రూపాయలు, లేబుల్‌కు రూపాయిన్నర, మొత్తం 4.50. అంటే మొదటి విడతలో అచ్చు పౌచ్ చవకేమీ కాదు. అసలు దెబ్బ మరోచోట తగులుతుంది. రకానికి నెలకు వెయ్యి ప్యాకెట్లు పోతుంటే ఆ 20,000 పౌచ్‌లు అయ్యేది 20 నెలలకు. ఐదు రకాలకు 4,70,000 గోడౌన్‌లో కూర్చుంటాయి. అదే ఐదింటికీ ఒక్క పౌచ్ వేయిస్తే పెట్టుబడి 94,000, పై లేబుళ్లకు ఒక్కోటి ముప్పావలా, సరుకు నాలుగు నెలల్లో ఖాళీ. మొదటి విడతలో ప్యాకెట్‌కు 5.45 పడుతుంది, రెండో విడతకు సిలిండర్ల ఖర్చు ఉండదు గనుక 4.25కి దిగుతుంది. ఆ మొదటి విడతలో ప్యాకెట్‌కు ఎక్కువ పడే డెబ్బై అయిదు పైసలు ఇచ్చి మూడు లక్షల డెబ్బై ఆరు వేల రొక్కాన్ని చేతిలో ఉంచుకోవడం నాకు లాభసాటి బేరంగానే కనిపిస్తోంది. అంతకూ కూడబెట్టలేనివాళ్లు సాదా పౌచ్, లేబుల్‌తోనే మొదలుపెట్టొచ్చు.

స్టిక్కర్ అంటిస్తే చవకబారుగా ఉంటుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. నూనె చేతులు తగిలి మరకపడ్డ కాగితం, వంకరగా అంటిన అంచు చూస్తే లోపలి సరుకు మీదా అనుమానం వస్తుంది. మందు కాగితం లేబుల్ కాదు, ప్లాస్టిక్ ఫిల్మ్ లేబుల్. పౌచ్ మీదే దానికి గీత గీసిన చోటుంటే వంకర పోదు. పొడి కనిపించేలా కిటికీ పెట్టాలన్న కోరిక కూడా సహజమే, కానీ వెలుగు తగిలితే మిరప ఎరుపు వెలిసిపోతుంది, వేయించిన పప్పులూ నువ్వుల్లోని నూనె త్వరగా కనరెక్కుతుంది. చౌక పారదర్శక ఫిల్మ్ గాలినీ తేమనూ అంతగా ఆపదు. కిటికీకి పెట్టే ఖర్చు మెటలైజ్డ్ పొర మీద పెట్టడం మేలు. సీలు దగ్గర జాగ్రత్త వేరే ఉండాలి. నింపేటప్పుడు అంచుకు పొడి అంటితే అతుకులో సన్నని దారి మిగిలిపోతుంది. ప్యాకెట్‌ను నీళ్లలో ముంచి నొక్కితే బుడగలు వచ్చే చోటే ఆ దారి. రుచి బాగుంటే ప్యాకెట్ ఎలా ఉన్నా అమ్ముడవుతుందనేవాళ్లు ఇది ఆలోచించాలి: చెడ్డ పొరలో మూడో నెలకు ఆ రుచే మిగలదు.

లేబుల్ రాతను చాలామంది చట్టం కోసం వెనక్కి నెట్టేసే బరువుగా చూస్తారు. ప్యాకెట్ తిప్పి చదివేవాళ్లు సగం కొన్నట్టే, వాళ్లతో మాట్లాడే చోటు అదొక్కటే. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. కందిపొడిలో మొదటి పేరు కందిపప్పు అయితే అంతకు మించిన ప్రచారం అక్కర్లేదు. శనగపప్పు అయితే ముందువైపు ఎంత పెద్ద బొమ్మ వేసినా ఫలితం ఉండదు. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండాలి, తెలుగు అదనం. తెలుగులో మాత్రమే వేస్తే చెల్లదు. ‘100 శాతం సహజం’ వంటి మాటల జోలికి పోకూడదు. ‘100 శాతం’కు చట్టంలో నిర్వచనం లేదని, వాడవద్దని 2025 మేలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సూచించింది. అంతకుముందు 2024 జూన్‌లో పండ్లరసాల లేబుళ్ల నుంచి ఆ మాట తీసేయమన్నప్పుడు, ముందే అచ్చయిన ప్యాకింగ్‌ను వాడేసుకోవడానికి మొదట ఇచ్చిన గడువు సెప్టెంబరు 1. 20 నెలలకు సరిపడా పౌచ్‌లు వేయించుకున్నవాళ్లకు మూడు నెలల్లోపు గడువు ఏమాత్రం చాలదు. ధర, తేదీ, బ్యాచ్ నంబరు పౌచ్ మీద అచ్చు వేయించకుండా ఖాళీ గడి వదిలి, నింపేరోజు ముద్ర కొట్టుకోవడం కూడా ఇందుకే.

పొడి విదేశానికి పోతే ఇదే సూత్రం ఇంకో రకంగా అక్కరకొస్తుంది. అమెరికా 2023 జనవరి 1 నుంచి నువ్వులను ప్రధాన అలర్జీ కారకాల్లో చేర్చింది, లేబుల్‌పై స్పష్టంగా చెప్పాల్సిందే. బ్రిటన్, ఐరోపా జాబితాలో నువ్వులతోపాటు ఆవాలూ ఉన్నాయి. మన దగ్గర వేరుశనగ ఉంటే చెప్పాలి. రకానికో పౌచ్ అచ్చువేసుకున్న బ్రాండ్, డల్లాస్ తెలుగువాళ్ల కోసం నువ్వుల పొడి ఐదు వందల ప్యాకెట్లు పంపాలన్నా కొత్త సిలిండర్ చెక్కించాలి, లేదా అచ్చు రాత మీద మరో స్టిక్కర్ అంటించాలి. ఒకే పౌచ్ ఉన్నవాళ్లు ఆ ఐదు వందలకు వెనకవైపు లేబుల్ వేరేది వేయిస్తారు, అంతే.