“మీ పాత కస్టమర్‌తో ఒకసారి మాట్లాడించండి” అంటే ఏం చేయాలి?

ఇళ్లపై సోలార్ ప్యానెళ్లు బిగించే చిన్న వ్యాపారులకు ఈ మాట తరచూ ఎదురవుతుంది. దీన్ని అవమానంగా తీసుకోకండి. అడిగేవారి వైపు నుంచి లెక్క వేసి చూడండి.

3 కిలోవాట్ల సిస్టమ్‌కు మీరు 1,95,000 రూపాయలు చెప్పారనుకుందాం. పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ వస్తుంది. అయితే అది ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు పెట్టాకే ఖాతాలో పడుతుంది. గ్రిడ్ నుంచి తీసుకున్నది, గ్రిడ్‌కు పంపింది రెండూ లెక్కగట్టే మీటరు అది. నెలకు 1,500 బిల్లు కట్టే ఇంటికి 78,000 అంటే 52 నెలల కరెంటు బిల్లు. అంత డబ్బు చేతి నుంచి పెట్టేవారు ఒకరిని అడిగి చూసుకోవాలనుకోవడం సహజం.

మరి అడగ్గానే నంబరు ఇచ్చేయవచ్చా? వద్దు. నెలకు 20 మంది ఎంక్వైరీకి వచ్చి, అందరూ ఒకే కస్టమర్‌తో పావుగంట చొప్పున మాట్లాడితే, పాపం ఆయనకు 5 గంటలు పోతాయి. మూడో నెలకు మీ ఫోనూ ఎత్తరు. మీరు ఇంటికెళ్లి డాబా కొలిచి, కొటేషన్ రాసిచ్చినవారికే ఈ అవకాశం ఇవ్వండి. అలాంటివారు నలుగురుంటే, ఒప్పుకున్న నలుగురు కస్టమర్లకు తలా ఒక ఫోనే వెళ్తుంది.

నంబరు ఇచ్చేముందు “ఏం తెలుసుకోవాలనుకుంటున్నారండీ?” అని అడగండి. సబ్సిడీ ఎన్నాళ్లకు పడిందన్నది సందేహమైతే, ఈ మధ్యే అందుకున్నవారిని చూపాలి. కరెంటు ఎంత వస్తుందన్నదైతే, ఏడాది నిండినవారే సరైనవారు. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున 3 కిలోవాట్లకు నెలకు 360 యూనిట్లు అంటాం. కానీ ముసురు పట్టిన నెలల్లో అది తగ్గుతుంది. వానాకాలం చూడని కస్టమర్ ఆ సంగతి చెప్పలేరు.

తర్వాత పాత కస్టమర్ అనుమతి తీసుకోవాలి. ఇలా ఒక మెసేజ్ చాలు: “అండీ, మీలాగే 3 కిలోవాట్లు పెట్టించుకోవాలని ఒకాయన అడుగుతున్నారు. వానాకాలంలో యూనిట్లు ఎన్ని వచ్చాయో మీతో పది నిమిషాలు మాట్లాడతారట. నంబరు ఇవ్వమంటారా? ఏ టైమ్‌కు చేయమనాలి?” ప్యానెళ్ల పనికని ఇచ్చిన నంబరును అడగకుండా మరో పనికి వాడకూడదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి మూలం కూడా ఈ సమ్మతే. వద్దంటే బతిమాలకండి, ఇంకొకరిని అడగండి.

పాత కస్టమర్ మీ లోపం బయటపెడితే? పెట్టనివ్వండి. “ఇన్వర్టర్ ఆగింది, ఆరో రోజు వచ్చి మార్చారు” అన్న మాట “అంతా బాగుంది” కంటే ఎక్కువ పనిచేస్తుంది. కొనేవారికి అసలు భయం అమ్మాక మీరు కనిపించరేమోనని. అందుకే ఏం చెప్పాలో నేర్పకండి, ఆ ఫోన్‌లో మీరు ఉండకండి. ఆ కస్టమర్‌కు కమీషన్ ఇస్తుంటే మాత్రం కొనేవారికి ముందే చెప్పండి. తర్వాత తెలిస్తే వారు విన్న ప్రతి మాటా అనుమానమే అవుతుంది.

ఇంకా ఏడాది నిండిన కస్టమర్ లేకపోతే లేరనే చెప్పి, అడ్వాన్స్ తగ్గించి, కొంత మొత్తం నెట్ మీటరు పెట్టాక తీసుకోండి. తమ్ముడి నంబరో, బావమరిది నంబరో కస్టమర్‌దని మాత్రం ఇవ్వకండి.