వార్తల్లో పదం: రుయత్-ఎ-హిలాల్

అంటే నెలవంకను కంటితో చూడటం. రంజాన్ 29వ రోజు పొద్దుగూకగానే మిరుదొడ్డిలోనైనా, హైదరాబాద్‌లోనైనా చూపులన్నీ పడమర వైపే. చూసినవారి సాక్ష్యం విని రుయత్-ఎ-హిలాల్ కమిటీ పండుగను ప్రకటిస్తుంది.

2024 ఏప్రిల్ 9 అలాంటి సాయంత్రమే. అమావాస్య ఘడియ ముందురోజు రాత్రి దాదాపు 11.50కి వచ్చింది. అంటే సూర్యాస్తమయానికి చంద్రుడి వయసు 19 గంటలైనా లేదు. అంత సన్నని రేఖను సంధ్యకాంతే మింగేస్తుంది. మబ్బు, దుమ్ము ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కేరళలో కనిపించిందన్నారు, అక్కడ 10నే పండుగ. హైదరాబాద్‌లో కనిపించలేదు.

కనిపించకపోతే ఆ రాత్రీ తరావీహ్ నమాజు ఉంటుంది, తెల్లవారుజామున సహరీ, మరునాడు 30వ ఉపవాసం. చాంద్రమాన నెలకు 31వ రోజు లేదు కనుక ఆపై సాక్ష్యంతో పనిలేదు. తెలంగాణలో ఈద్ 11న జరిగింది.