లోన్ యాప్ మోసం: పదిమందికీ చెప్పేటప్పుడు

ఇన్‌స్టంట్ లోన్ యాప్ వల్ల మోసపోయినవారు తెలిసినవాళ్లకు పంపే హెచ్చరికలో ముందు ఉండాల్సింది లెక్క. 5,000 రూపాయల అప్పు మంజూరైందని యాప్ చూపింది, ‘ప్రాసెసింగ్ ఫీజు’ పోగా ఖాతాలో 3,000 పడ్డాయి, వారం తిరగకముందే 5,000 కట్టమని ఫోన్లు మొదలయ్యాయి అనుకుందాం. తేదీలతో సహా ఇంతే రాసి, బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్‌లో ఖాతా నంబరు చెరిపి జతచేస్తే చాలు. మూడు వేలకు వారంలో రెండు వేలు గుంజుతున్నారని చదివినవారికే తెలిసిపోతుంది.

తర్వాతది యాప్ పేరు. ఇక్కడే అమాయకులకు దెబ్బ తగులుతుంది. దొంగ యాప్‌లు తరచూ పేరున్న ఫైనాన్స్ కంపెనీల పేర్లనూ లోగోలనూ పోలినవి పెట్టుకుంటాయి. అందుకే పేరును స్పెల్లింగ్‌తో సహా ఇవ్వాలి, డౌన్‌లోడ్ చేసింది ప్లే స్టోర్‌లోనా, ఎవరో పంపిన లింక్‌తోనా చెప్పాలి. లింక్‌ను మాత్రం తిరిగి పంపకూడదు. యాప్ చూపిన కంపెనీ పేరు రిజర్వ్ బ్యాంక్ జాబితాలో దొరక్కపోతే ‘ఫలానా తేదీన వెతికితే కనిపించలేదు’ అని రాయడం నిజం. ‘ఫలానా కంపెనీ దొంగల ముఠా’ అనడం నిరూపించాల్సిన ఆరోపణ.

బెదిరించినవారి ఫోన్ నంబర్లు, వాట్సాప్‌లో కనిపించే ఫొటోలు అందరికీ పంపడం మరీ ప్రమాదం. ఆ ముఖం ఎవరిదో కావచ్చు, ఆ నంబరు మరొకరి పేరుతో తీసుకున్నది కావచ్చు. అవి పోలీసులకు చేరాల్సిన ఆధారాలు. ఎదుటివారి మేలు కోరి సదుద్దేశంతో చేసే హెచ్చరికకు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అయితే తగిన జాగ్రత్త లేకుండా చేసినదాన్ని చట్టం సదుద్దేశంగా చూడదు.

ఆ హెచ్చరిక చదివేవారిలో ఇప్పటికే అప్పు తీసుకుని, ఇంట్లో చెప్పలేక నలిగిపోతున్నవారూ ఉంటారు. ‘ఫొటోలు మార్చి అందరికీ పంపుతారు, పరువు పోతుంది’ అని రాస్తే వారు భయంతో మరో యాప్‌లో అప్పు చేసి దీనికి కడతారు. ఆ ఉచ్చు అలాగే బిగుస్తుంది. వారికి కావాల్సింది దారి. కాంటాక్టులు, గ్యాలరీ పర్మిషన్లు తీసేయాలి. యాప్ తొలగించేముందే అప్పు వివరాలు, బెదిరింపులు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. తొలగించినా అప్పటికే వెళ్లిన కాంటాక్టులు వెనక్కి రావు కాబట్టి, దగ్గరివాళ్లకు ‘నా పేరుతో ఏదైనా వస్తే నమ్మకండి’ అని ముందే చెప్పాలి. ఫిర్యాదుకు 1930 నంబరు, cybercrime.gov.in ఉన్నాయి. అనుమతి లేకుండా అప్పులిచ్చే సంస్థలపై రిజర్వ్ బ్యాంక్ పోర్టల్ sachet.rbi.org.in లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

తర్వాత తప్పు బయటపడితే, అదే పేరున్న అసలు కంపెనీ వేరని తేలితే, మెసేజ్‌ను చడీచప్పుడు లేకుండా తీసేస్తే సరిపోదు. దాన్ని చూసినవాళ్లకే సవరణ పంపాలి.